పన్నెండు ఖాళీ గడులు: సభలో టీకాల చార్టు గురించి మాట్లాడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఊరి సభలో టీకాల బార్ చార్టు చూపించి నాలుగైదు నిమిషాలు మాట్లాడమన్నారనీ, ఏం చెప్పాలో రాసి పంపమనీ అడిగావు. నీవు మొదట పంపిన చార్టులో నాలుగు బార్లున్నాయి: పుట్టగానే వేసే క్షయ టీకా బి.సి.జి., ఐదు రోగాలనుంచి కాపాడే పెంటా టీకా మొదటి డోసు, పెంటా మూడో డోసు, తట్టు టీకా మొదటి డోసు. ఒక్కోదాని మీద శాతం వేశావు. ఆ శాతాలను వరసగా చదివేస్తే నీ ప్రసంగం ఒక్క నిమిషంలో అయిపోతుంది గానీ, ఇంటికి వెళ్ళేసరికి ఎవరికీ ఒక్క అంకె గుర్తుండదు. నీ చార్టులో ఊరివాళ్ళకు పనికివచ్చే సంగతి ఒకటే ఉంది. అది రెండో బారుకూ చివరి బారుకూ మధ్య ఉన్న తేడా. మిగిలినదంతా ఆ తేడాను చూపించడానికి కట్టుకునే మెట్లు మాత్రమే.

ముందుగా లెక్క సంగతి. మాట్లాడే ముందు ఇళ్ళు తిరిగి రమ్మని నేను ఎందుకు పట్టుబట్టానో నీ చేతికి వచ్చిన అంకెలే చెబుతున్నాయి. రిజిస్టరు ప్రకారం ఏడాది నిండి రెండేళ్ళు నిండని పిల్లలు 36 మంది, వారిలో తట్టు టీకా పడినవారు 26 మంది, అంటే 72 శాతం. ఇళ్ళకు వెళ్ళి కార్డులు చూస్తే ఇద్దరు పిల్లలు వేరేచోట ఆ టీకా వేయించుకున్నారని తేలింది కనుక 28 అయ్యారు. అంతటితో ఆగి ఉంటే శాతం 78కి పెరిగేది. కానీ పనికోసం ఈమధ్యే వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో రిజిస్టరుకు ఎక్కని నలుగురు పిల్లలు కనిపించారు, వారిలో ఒక్కరికీ తట్టు టీకా పడలేదు. ఇప్పుడు లెక్క 40 మందిలో 28, అంటే 70 శాతం. టీకా పడినవారు ఇద్దరు పెరిగినా శాతం తగ్గడానికి కారణం, కింద భాగించే సంఖ్య మారడమే. సభలో ఎవరైనా శాతాన్ని ప్రశ్నిస్తే అది సాధారణంగా ఈ కింది సంఖ్య గురించే అయి ఉంటుంది. “మా పక్కింట్లో ఉన్నవాళ్ళను లెక్కలో వేశారా?” అని అడిగినప్పుడు వేశామని నిబ్బరంగా చెప్పగలగాలి. కొన్నిచోట్ల టీకాలు నూరు శాతం దాటినట్టు చార్టులు వేస్తుంటారు. పిల్లల సంఖ్యను జనాభా అంచనా నుంచి తీసుకుని, బయటి ఊళ్ళనుంచి వచ్చి వేయించుకున్నవారిని కూడా పైన కలిపితే అలాంటి వింతలే పుడతాయి.

ఏడాది నిండినవారినే ఎందుకు తీసుకున్నామో నీకు తెలిసే ఉంటుంది, అయినా సభలో తడబడకుండా ఉండడానికి ఒకసారి చెబుతాను. తొమ్మిది నెలలు నిండాక వేసే టీకాను ఆరు నెలల బిడ్డ వేయించుకోలేదని ఖాళీగా చూపడం అన్యాయం. అదే కారణంతో, నీవు ఐదో బారుగా కలపాలనుకున్న తట్టు టీకా రెండో డోసును ఈ చార్టులో పెట్టవద్దు. ఈ నలభై మందిలో కొందరికి దాని వయసు ఇంకా రాలేదు, మిగిలినవారికి ఇంకా గడువుంది కనుక ఆ బారు పొట్టిగా కనిపించి, లేని లోపాన్ని ఉన్నట్టు చూపుతుంది. అది చూపాలంటే రెండేళ్ళు నిండిన పిల్లలతో వేరే చార్టు గీయాలి.

ఇక గీయడం. నీ చార్టులో నిలువు గీత 60 దగ్గర మొదలైంది. అలా చేస్తే 97.5 శాతమున్న మొదటి బారు 37.5 ఎత్తు, 70 శాతమున్న చివరి బారు 10 ఎత్తు అవుతాయి కనుక, శాతాలు చదవలేనివారి కంటికి తట్టు టీకా నలుగురిలో ఒకరే వేయించుకున్నట్టు కనిపిస్తుంది. కొందరు అలా భయపెడితేనే జనం కదులుతారనుకుంటారు, నాకు ఆ నమ్మకం లేదు. ఊళ్ళో ఎక్కువమంది వేయించుకోలేదని చూసిన తల్లి, తన బిడ్డకూ వేయించకపోయినా ఫరవాలేదనుకునే అవకాశమే ఎక్కువ. సున్నా దగ్గర మొదలుపెట్టు. అంతకంటే మంచిది, శాతాలు పూర్తిగా వదిలేసి ఒక్కో బారును నలభై గడులుగా గీయి. సెంటీమీటరున్నర ఎత్తు గడి గీస్తే బారు 60 సెంటీమీటర్లు వస్తుంది, పెద్ద చార్టు కాగితం మీద సరిపోతుంది. ప్రతి పది గడులకూ ఒక లావు గీత వేస్తే వెనక కూర్చున్నవారికి లెక్క సులువవుతుంది. టీకా పడిన పిల్లల గడులకు కిందినుంచి ఒకే రంగు వేయి, పడనివారి గడులను చెరిపివేయకుండా ఖాళీగా ఉంచు. మామూలు బార్ చార్టులో లేని పిల్లలు కనిపించరు, ఆ చోట తెల్ల కాగితమే ఉంటుంది. గడులు గీస్తే లేనివారు కూడా కనిపిస్తారు.

పేటలవారీగా విడదీసిన చార్టు ఒకటి ఉంటే బాగుంటుందని ఎవరో చెప్పారన్నావు. అది నీ దగ్గర పనికోసం ఉంచుకో, సభలో మాత్రం తీయవద్దు. ఐదుగురే పిల్లలున్న పేటలో ఒక్క బిడ్డ తప్పితే బారు ఇరవై శాతం పడిపోతుంది, ఆ ఒక్క బిడ్డ ఎవరో అందరికీ తెలిసిపోతుంది, ఆ తల్లి ఇక నీ ముందుకు రాదు. కిందటి ఏడాదితో పోల్చడం కూడా ఇలాంటిదే. నలభై మందిలో ఒక్కొక్కరు రెండున్నర శాతం కనుక, నాలుగు శాతం తేడా అంటే ఒకరిద్దరు పిల్లలు మాత్రమే. దానిని పెరుగుదల అనో తరుగుదల అనో చెప్పకపోవడమే మంచిది.

ప్రసంగం నేనైతే ఇలా చెబుతాను, నీ మాటల్లోకి మార్చుకో:

“అందరికీ నమస్కారం. ఈ కాగితం మీది ఒక్కో గడి మన ఊరి బిడ్డ ఒకరికి గుర్తు. ఏడాది నిండి, రెండేళ్ళు ఇంకా నిండని పిల్లలు నలభై మంది ఉన్నారు కనుక ఒక్కో నిలువు వరసలో నలభై గడులు గీశాను. రంగు ఉంటే ఆ టీకా పడినట్టు, ఖాళీగా ఉంటే ఇంకా పడనట్టు. మొదటి వరస పుట్టగానే వేసే టీకాది, ఒక్క గడి తప్ప అన్నీ నిండాయి. రెండోది నెలన్నరకు వేసే పెంటా మొదటి డోసు, ముప్పై ఎనిమిది నిండాయి. మూడోది మూడున్నర నెలలకు వేసే మూడో డోసు, ముప్పై నాలుగు నిండాయి. నాలుగోది తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా. ఇందులో ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో మీలో ఒకరు లెక్కపెట్టి చెప్పండి. అవును, పన్నెండు. ఈ పన్నెండు మందిలో పదిమంది పెంటా మొదటి డోసుకు వచ్చినవారే. వాళ్ళ పెద్దలు టీకా వద్దన్నవారు కారు, మధ్యలో ఆగినవారు. మూడున్నర నెలల తర్వాత తొమ్మిది నెలల వరకు సూదిమందు లేకపోవడంతో, అన్నీ అయిపోయాయని కొందరు అనుకున్నారు. అంతకుముందు టీకాకు జ్వరం వచ్చిందని కొందరు జంకారు. ఏడాది దాటినా ఈ టీకా వేయించవచ్చు, ఆగిపోయిన పెంటా డోసులను కూడా ఆగినచోటినుంచే కొనసాగిస్తాము, మళ్ళీ మొదటినుంచి వేయము. ఆలస్యమైందని ఎవరూ ఏమీ అనరు. వచ్చేటప్పుడు కార్డు తెచ్చుకోండి.”

ఇంతే చాలు. దీని తర్వాత వచ్చే టీకా రోజు, స్థలం, సమయం చెప్పి ప్రశ్నలకు వదిలేయి. లెక్కపెట్టమని అడిగాక తొందరపడి నీవే జవాబు చెప్పవద్దు. వారి నోటివెంట వచ్చిన పన్నెండు వారికి గుర్తుంటుంది. పదిమంది వచ్చి ఆగినవారే అన్న వాక్యం ప్రసంగానికి ప్రాణం, దానిని మాత్రం మింగవద్దు. మొదటి డోసుకు వచ్చినవారిలో పది శాతానికి మించి తర్వాతి డోసులకు రాకపోతే మన సేవల్లోనే ఏదో అడ్డు ఉందని భావించాలని మన శిక్షణలో చెబుతారు. ఇక్కడ 38 మందిలో పదిమంది, అంటే నాలుగో వంతు దాటింది. ఆ అడ్డు టీకా రోజు కూలిపనుల వేళతో కలవడమా, తేదీ గుర్తుచేసేవారు లేకపోవడమా అన్నది సభలోనే వారిని అడిగి తెలుసుకో. సభ పెట్టినందుకు నీకు దక్కే లాభం అదే.

ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: “టీకా వేయించిన బిడ్డకు కూడా తట్టు వచ్చింది కదా, మరి ఎందుకు?” దీనికి జవాబు దాటవేయవద్దు. తొమ్మిది నెలలకు వేసిన ఒక్క డోసు వందలో దాదాపు 85 మంది పిల్లలకే రక్షణ ఇస్తుంది, ఎందుకంటే తల్లినుంచి వచ్చిన రక్షణ పదార్థాలు కొందరిలో ఇంకా మిగిలి ఉండి టీకాను పనిచేయనివ్వవు. ఆ లెక్కన మన 28 మందిలో సుమారు 24 మందికే రక్షణ ఉంది, అంటే నలభై మందిలో పదహారు మంది తట్టుకు అందుబాటులోనే ఉన్నారు. రెండో డోసు వేసేది ఈ మిగిలినవారికోసమే, రెండూ పడితే రక్షణ 97 శాతం దాకా చేరుతుంది. తట్టు ఎంత వేగంగా అంటుకుంటుందంటే, ఊళ్ళో వందకు 95 మందికి రెండు డోసులూ పడితే తప్ప అది పాకకుండా ఆగదు. డెబ్బై శాతం వచ్చింది కదా, బాగానే ఉందని ఎవరైనా పెద్దమనిషి మెచ్చుకుంటే, ఈ మాట వినయంగా చెప్పు. ప్రశ్న రాకపోతే మాత్రం ఈ అంకెలను నీ అంతట నీవు ఎత్తవద్దు, నలభై గడుల బొమ్మ ముందు ఇవి కలిస్తే చిక్కుపడతాయి.

“ఆ పన్నెండు మంది ఎవరు?” అని అడిగేవారు కూడా ఉంటారు. పేర్లు సభలో చెప్పబోమనీ, వారి ఇళ్ళకు నీవే వెళతావనీ చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపో. జ్వరం గురించి అడిగితే, తట్టు టీకా తర్వాత జ్వరం, కొందరికి సన్నని దద్దుర్లు వారం నుంచి పన్నెండు రోజుల మధ్య రావచ్చనీ, వాటంతట అవే తగ్గుతాయనీ ముందే చెప్పు. పెంటాకు జ్వరం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. ఈ తేడా తెలియకపోతే వారం తర్వాత వచ్చిన జ్వరాన్ని తల్లులు వేరే రోగమనుకుని కంగారుపడతారు.

సభ అయ్యాక చార్టును గోడకు అంటించి, పిల్లలు వచ్చినప్పుడల్లా ఖాళీ గడులకు రంగు వేస్తానన్నావు. ఒక నెలపాటు అలా చేయి. ఆ తర్వాత రెండేళ్ళు నిండిన పిల్లలు ఈ నలభై నుంచి బయటికి వెళతారు, ఏడాది నిండినవారు కొత్తగా లోపలికి వస్తారు, అప్పుడు పాత గడులకు వేసిన రంగు ఎవరిదో చెప్పలేవు. మూడు నెలలకొకసారి పిల్లల జాబితా మళ్ళీ రాసుకుని, కొత్త కాగితం మీద కొత్త సంఖ్యతో గీయి, మూలన తేదీ వేయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ