గుండె తిరగలేదు, చేతుల తీగలు మారాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 19 ఏళ్లు. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో మేం ఒకరికొకరం ఈసీజీ తీసుకుని రేటు, రిథమ్, యాక్సిస్, ఇంటర్వెల్స్ చదవడం నేర్చుకుంటున్నాం. నాకు తీసిన కాగితం మీద ‘రైట్ యాక్సిస్ డీవియేషన్’ అని వచ్చింది. లీడ్ 1లో అన్నీ తలకిందులుగా ఉన్నాయి. నాకు ఆయాసం, నొప్పి ఏమీ లేవు. కానీ వారం రోజులుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫొటో పంపాను. నా గుండెకు ఏమైనా అయిందా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, ఒడిశా

జవాబు: అమ్మా, ఫొటో చూశాను. ఇందులో నాకు గుండె జబ్బు కనిపించడం లేదు. మీ కుడి చేతికి పెట్టాల్సిన తీగ ఎడమ చేతికి, ఎడమ చేతిది కుడి చేతికి పెట్టినట్టున్నారు. మళ్లీ ఒకసారి తీస్తే తేలిపోతుంది. ఆలోపు మీ కాగితం మీద మీరే సరిచూసుకోండి. మీరు క్లాసులో నేర్చుకుంటున్నదంతా ఇందులోనే ఉంది.

ముందు కాగితం అడుగున వేగం చూడండి. సెకనుకు 25 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే ఒక చిన్న గడి 0.04 సెకను. మీ ఒక ఆర్ శిఖరం నుంచి తర్వాతి ఆర్ శిఖరానికి 20 చిన్న గడులు ఉన్నాయి. 1500ని 20తో భాగిస్తే 75. అదే మీ రేటు. శిఖరాల మధ్య దూరం చివరిదాకా సమానంగా ఉంది కాబట్టి ఈ లెక్క చెల్లుతుంది. దూరాలు సమానంగా లేనివాళ్లకు మాత్రం 10 సెకన్ల కాగితంలో ఎన్ని క్యూఆర్‌ఎస్‌లు ఉన్నాయో లెక్కపెట్టి 6తో హెచ్చించాలి.

ఇంటర్వెల్స్ కూడా బాగున్నాయి. పీఆర్ 4 గడులు, అంటే 0.16 సెకను. ఇది 0.12 నుంచి 0.20 మధ్య ఉంటే చాలు. క్యూఆర్‌ఎస్ 2 గడులు, 0.08 సెకను. క్యూటీ 9 గడులు, 0.36 సెకను. మీ రేటుకు సరిచేస్తే దాదాపు 0.40 వస్తుంది. ఆడవాళ్లలో 0.46 దాటితే ఆలోచించాలి. చేతుల తీగలు మారినా ఈ అంకెలు నమ్మవచ్చు. ఎందుకంటే ఇవి సమయాన్ని కొలుస్తాయి. తీగలు మారితే చెడేది దిక్కు.

ఇక ఆ దిక్కు, అంటే యాక్సిస్ సంగతి. గుండెలో కరెంటు కుడివైపు పైన ఉన్న సైనస్ నోడ్ దగ్గర పుట్టి, ఎడమవైపు కిందికి దిగుతుంది. ఏవీఆర్ లీడ్ కుడి భుజం మీద నుంచి చూస్తుంది. దానికి ఆ కరెంటు దూరంగా వెళ్లిపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే మామూలుగా ఏవీఆర్‌లో పి, క్యూఆర్‌ఎస్, టి మూడూ కిందికి ఉంటాయి. మీ కాగితంలో ఏవీఆర్‌లో పి పైకి లేచింది, లీడ్ 1లో పి, క్యూఆర్‌ఎస్, టి మూడూ కిందికి దిగాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను రోగి ముఖం కన్నా ముందు తీగలు చూస్తాను.

మెషీన్ అబద్ధం చెప్పలేదు. లీడ్ 1లో క్యూఆర్‌ఎస్ పైభాగం నుంచి కింది భాగం తీసేస్తే మైనస్ 6 మిల్లీమీటర్లు, కాలి వైపు నుంచి చూసే ఏవీఎఫ్‌లో ప్లస్ 7. ఈ రెండింటితో లెక్క కడితే యాక్సిస్ 127 డిగ్రీల దగ్గర వస్తుంది. 90 దాటింది కాబట్టి కుడివైపు అని ముద్రించింది.

లీడ్ 1 అంటే ఎడమ చేతి వోల్టేజీలోంచి కుడి చేతి వోల్టేజీ తీసేయగా మిగిలేది. చేతులు మారితే గుర్తు మారుతుంది, అంటే లీడ్ 1 బోర్లా పడుతుంది. లీడ్ 2, లీడ్ 3 ఒకదాని చోటుకి ఇంకొకటి వెళ్తాయి. ఏవీఆర్, ఏవీఎల్ కూడా అంతే. ఏవీఎఫ్ మాత్రం మారదు, అది కాలిని రెండు చేతుల సగటుతో పోలుస్తుంది కదా. ఇప్పుడు మీ కాగితాన్ని వెనక్కి సరిచేద్దాం. లీడ్ 1లో మైనస్ 6ని ప్లస్ 6 చేయండి. ఏవీఎఫ్‌లో 7 అలాగే ఉంచండి. యాక్సిస్ 53 డిగ్రీల దగ్గరికి వస్తుంది. మైనస్ 30 నుంచి ప్లస్ 90 వరకు మామూలే.

ఇక్కడ ఒక మాట. లీడ్ 1, లీడ్ 3 కలిపితే లీడ్ 2 రావాలని మీకు చెప్పి ఉంటారు. మీ కాగితంలో మైనస్ 6, ప్లస్ 10 కలిపితే 4, లీడ్ 2లో ఉన్నదీ 4. లెక్క సరిపోయింది కదా అని తీగలు సరిగ్గా ఉన్నాయనుకోవద్దు. తీగలు మారినా ఈ లెక్క తప్పదు.

పట్టించేది ఛాతీ లీడ్లు. వాటిని చేతుల మార్పు కదపదు. లీడ్ 1, వీ6 రెండూ ఎడమవైపు నుంచే చూస్తాయి కాబట్టి పోలిక ఉండాలి. మీకు వీ6లో క్యూఆర్‌ఎస్ నిటారుగా ఉంది, లీడ్ 1లో బోర్లా ఉంది. వీ1 నుంచి ముందుకు వెళ్తుంటే ఆర్ పెరుగుతోంది కూడా. గుండె పుట్టుకతోనే కుడివైపు ఉన్నవాళ్లలో ఇలా ఉండదు. వీ6 వైపు వెళ్లే కొద్దీ ఆర్ చిన్నదైపోతుంది. అన్ని పొరపాట్లూ ఇంత తేలిగ్గా దొరకవు. ఎడమ చేయి, ఎడమ కాలు తీగలు మారితే కాగితం చూడటానికి దాదాపు బాగానే ఉంటుంది. పాత ఈసీజీ పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మంచం పక్కన నిలబడి ఎదురుగా చూస్తే మీ ఎడమ పక్కన ఉన్నది రోగి కుడి చేయి. దానికి తోడు మీ వైపు క్లాసులో సార్ ఒడియాలో ‘డాహాణ’ అంటే కుడి, ‘బామ’ అంటే ఎడమ అని ఒకసారి తెలుగులో అనుకుని పెట్టాలి. రంగులు కూడా తడబెడతాయి. ఒక పద్ధతిలో ఎరుపు కుడి చేతికి, పసుపు ఎడమ చేతికి, నలుపు కుడి కాలికి, ఆకుపచ్చ ఎడమ కాలికి. అమెరికా పద్ధతి తీగల్లో తెలుపు కుడి చేతికి, నలుపు ఎడమ చేతికి. రంగు కంఠస్థం చేసేకన్నా క్లిప్పు మీద అక్షరం చదవండి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి కాగితమే చూసి, పాత గుండెపోటు ఉందేమోనని ఒక ముసలాయన్ని రాత్రికి రాత్రి పెద్ద ఆసుపత్రికి పంపాం. ఆయన కొడుకు జీపు కోసం అప్పు చేశాడు. అక్కడ తీగలు సరిగ్గా పెట్టి తీస్తే ఈసీజీ మామూలుగా ఉంది. ఆ రోజు నేను వీ6 వైపు చూసి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరు రేపే మళ్లీ తీయించుకోండి. ఈసారి తీగలు పెట్టేవాళ్లను కాకుండా ఇంకొకరిని సరిచూడమనండి. తీగలు సరిగ్గా ఉన్నా లీడ్ 1 అలాగే బోర్లా వస్తే నా అంచనా తప్పు. అప్పుడు బరంపురంలోనో శ్రీకాకుళంలోనో గుండె డాక్టరుకు చూపించి ఎకో తీయించాలి. నిజంగా కుడివైపు యాక్సిస్ కొందరు సన్నటి యువతలో మామూలుగానే ఉంటుంది, కొందరిలో గుండె కుడి గది మీద భారం వల్ల వస్తుంది. అది ఎకోతో తెలుస్తుంది. ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉన్నా కొత్త ఈసీజీ బాగున్నా సరే వెళ్లి చూపించుకోండి.

పాత కాగితాన్ని ఫైల్లో అలాగే ఉంచొద్దు. దాని మీద ‘చేతుల తీగలు మారాయి’ అని పెన్నుతో రాసి, తేదీ వేసి, కొత్తదాన్ని దానికి జత చేయండి. పదేళ్ల తర్వాత మీకు ఛాతీ నొప్పి వచ్చి ఎవరైనా పాత ఈసీజీ అడిగితే, వాళ్లు పోల్చి చూసేది ఆ కాగితంతోనే.