25 శాతం లాభం వేసినా 20 శాతమే ఎందుకు తేలుతోంది?

"పర్లాకిమిడిలో చిన్న కొట్టు. చింతపండు కిలో 120కి కొని, 25 శాతం వేసుకుని 150కి అమ్ముతున్నాను. ఈ నెల అమ్మకం 60,000. అందులో పావు వంతు, 15,000 మిగలాలి కదా? 12,000 మాత్రమే ఉంది. మూడు వేలు ఏమైనట్టు?"

టెన్షన్ పడకండి, గల్లాపెట్టె సరిగ్గానే ఉంది. మీరు 25 శాతాన్ని కొన్న ధర మీద వేసి, అమ్మకం మీద లెక్క చూసుకున్నారు. 60,000 అంటే 150 చొప్పున 400 కిలోలు. వాటి కొనుగోలు ఖర్చు 48,000, అందులో 25 శాతం 12,000. అదే 12,000ను 60,000తో పోలిస్తే 20 శాతం. రూపాయలు మారలేదు, కింద పెట్టిన అంకె మారింది.

అమ్మకంలోనే 25 శాతం మిగలాలంటే కొన్న ధర అమ్మకం ధరలో 75 శాతం కావాలి. 120ని 0.75తో భాగించండి, 160 వస్తుంది. లాభం 40, అంటే 160లో సరిగ్గా పావు. కొన్న ధర మీద చూస్తే అది 33.33 శాతం. మీ బజారులో 160కి కొంటారా అన్నది వేరే సంగతి. బండి కిరాయి, తరుగు ఆ 120లో కలిపారో లేదో కూడా ముందు చూసుకోండి.

నష్టంలో ఇది తిరగబడుతుంది. చెమ్మ పట్టిన సరుకును 100కి వదిలేస్తే పోయింది 20. కొన్న ధర మీద 16.67 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం.

పిల్లల పరీక్షల్లో మాత్రం ప్రత్యేకంగా చెప్పకపోతే కొన్న ధర మీదే తీయాలి.