‘ఎలా జరిగింది?’ అని మాత్రం అడగకండి

ప్రశ్న: మా ఆఫీసులో నా పక్క సీటు ఆమె భర్త చనిపోయారు. వచ్చే సోమవారం డ్యూటీలో చేరుతున్నారు. ఆమెతో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు?

మా ఆయన 2019 ఫిబ్రవరిలో పోయారు. గుండెపోటు. 46 ఏళ్లు. నేను ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాష్ కౌంటర్ చూస్తాను. సెలవులు ఇంకా ఉన్నా, మార్చి ఇయర్ ఎండింగ్ పనులు నెత్తిమీద ఉన్నాయని పెద్దకర్మ అయిన వారానికే చేరిపోయాను.

మొదటి రోజు మధ్యాహ్నంలోపే ఏడుగురు అడిగారు, ‘ఎలా జరిగింది?’ అని. పొద్దున లేచారు, పేపరు చదివారు, ఎడమ చెయ్యి లాగుతోందన్నారు, గ్యాస్ అనుకున్నాం, ఆటో పిలిచాం... నాలుగోసారి చెప్పేటప్పటికి నా గొంతులో ఏడుపు లేదు. అప్పజెప్పిన పాఠంలా ఒకే మాటలు, ఒకే వరుసలో వస్తున్నాయి. ఆయన చావుని నేను ఇంత చప్పగా చెబుతున్నానేమిటి అని నాకే భయం వేసింది. అంతకంటే ఘోరం తర్వాతి ప్రశ్నలు. ‘ముందు ఈసీజీ తీయించలేదా? షుగరుందా? హాస్పిటల్‌కి ఎంతసేపట్లో తీసుకెళ్లారు?’ అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇంట్లో తమ భర్తలకి కూడా అదే వయసు, వాళ్ల భయం వాళ్లది. మేం ఎక్కడో పొరపాటు చేశామని తేలితే తమకు అలా జరగదని ఒక నమ్మకం దొరుకుతుంది. కానీ ఆ ప్రశ్నలు ఇంటికొచ్చాక రాత్రంతా నన్ను నిద్రపోనిచ్చేవి కావు. ఆటో కోసం ఆగిన ఆ పది నిమిషాల గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

అందుకే మీకు చెప్పే మొదటి మాట, వివరాలు అడగకండి. ఆమే చెబితే వినండి, మధ్యలో ప్రశ్న వేయకండి.

మరి ఏం అనాలి? మన దగ్గర ‘ధైర్యంగా ఉండండి’, ‘మన చేతుల్లో ఏముంది’, ‘పిల్లల కోసమైనా తట్టుకోవాలి’ అంటారు. మూడూ నాకు బరువుగానే తగిలాయి. నేను ధైర్యంగా లేనని వాళ్లకి కనిపించిందని అర్థమయ్యేది, అంతే. మా క్యాష్ ఆఫీసరు గారు మాత్రం నా కుర్చీ దగ్గరికొచ్చి, ‘అమ్మా, ఏం మాట్లాడాలో నాకు తెలియట్లేదు. ఇంటి సంగతి మీరు చెప్పాలనుకున్నప్పుడు వింటాను, నేనుగా అడగను’ అన్నారు. వెంటనే, ‘మీ పెండింగ్ పనులు మేం పంచుకున్నాం. ఈ మూడు మిగిలాయి, రేపు చూసినా పర్వాలేదు’ అని కాగితాలు ముందు పెట్టారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కాగితాలు పట్టుకున్నాక చేతులకి పని దొరికింది.

నాలుగో రోజు సాయంత్రం టాలీ చేస్తే నా క్యాష్ 9,000 తక్కువ వచ్చింది. తక్కువ పడితే మా చేతి నుంచి కట్టాలి, అది అందరికీ తెలుసు. అప్పుడే వెనక సీటు నుంచి ఒకామె, ‘పోనీలెండి పాపం, ఆమె పరిస్థితి అలాంటిది’ అని అందరికీ వినపడేలా అంది. జాలితోనే అంది. కానీ ఆ మాటతో నేను పని చేతకాని మనిషినైపోయాను. ఆఫీసరు గారు ఆ మాట విననట్టే కుర్చీ లాక్కుని కూర్చుని, ‘పదండి, విత్‌డ్రాయల్ ఫారాలు ఒక్కొక్కటీ తిరగేద్దాం’ అన్నారు. ఏడున్నరకి దొరికింది. ఒక ఫారం ముందు వైపు 1,000 అని ఉంది. వెనక నా చేతిరాతలోనే 500×20 అని ఉంది. రెండు నోట్లు ఇవ్వాల్సింది ఇరవై ఇచ్చాను. రాసి మరీ ఇచ్చాను, అయినా తెలియలేదు. తీసుకున్నాయన ఒక రిటైర్డ్ మాస్టారు, మర్నాడు బ్యాంకు తెరవగానే ఆయనే తెచ్చిచ్చారు.

దుఃఖంలో ఉన్న మనిషి చూపు అంకె మీదే ఉంటుంది, మనసుకి మాత్రం అందదు. బయటికి మామూలుగానే కనిపిస్తారు కాబట్టి పక్కవాళ్లకి తెలియదు. మీ పక్క సీటు ఆమె చేసే పనిలో డబ్బో లెక్కో ఉంటే, కొన్నాళ్లు రెండో మనిషి కూడా చూసేలా ఏర్పాటు చేయండి. కానీ ఆమెని అడిగి చేయండి. మా ఆఫీసరు గారు, ‘ఒక వారం కౌంటర్ మానేసి చెక్ క్లియరింగ్ చూస్తారా? వచ్చే శుక్రవారం మళ్లీ మాట్లాడుకుందాం’ అని అడిగారు. ‘శుక్రవారం’ అన్నారు చూడండి, అదే నాకు ఊరట. ఎన్నాళ్లో చెప్పకుండా పని తీసేస్తే, ఇక నా సీటు నాకు రాదేమో అనిపించేది.

జబ్బు నుంచి తిరిగొచ్చేవాళ్లది కొంచెం వేరు. మా బ్రాంచిలోనే ఒకామె కీమో అయ్యాక చేరింది. ‘పూర్తిగా తగ్గిపోయిందా?’ అని అందరూ అడిగేవారు. చెకప్పులు ఏళ్ల తరబడి ఉంటాయి, ఆ ప్రశ్నకి ఆమె దగ్గరే జవాబు లేదు. ‘చిక్కిపోయావే’ అన్నవాళ్లూ, ఆకు రసాలు చెప్పినవాళ్లూ బోలెడు మంది. తుమ్ముతూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నవాళ్లూ ఉన్నారు. కీమో తర్వాత కొంతకాలం ఒంట్లో తెల్లకణాలు తక్కువగా ఉండొచ్చు, మామూలు జలుబు కూడా ఆమెకి ప్రమాదమే కదా.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెబుతాను, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఆ ఏడాది శ్రావణమాసంలో మా స్టాఫులో ఒకామె వరలక్ష్మీ వ్రతం తాంబూలాలు తెచ్చి, ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి శనగలు, జాకెట్ ముక్క ఇచ్చింది. నా దగ్గరికొచ్చేసరికి కాగితంలో రెండు లడ్డూలు పెట్టి టేబుల్ మీద ఉంచి వెళ్లిపోయింది. తర్వాత ఇంకొకామె కూతురి పెళ్లి కార్డు అందరి టేబుళ్ల మీదా ఉంది, నా టేబుల్ మీద లేదు. ‘నువ్వు ఇబ్బంది పడతావని’ అంది తర్వాత. పద్ధతి అంటారు, ఆచారం అంటారు. పదేళ్లు ఒకే గదిలో అన్నం తిన్న మనిషికి కార్డు ఇవ్వకపోవడం ఏ ఆచారమో నాకు అర్థం కాదు. కార్డు అందరితో పాటే ఇవ్వండి. వెళ్లాలో వద్దో ఆమె ఇష్టం. ఆమె లంచ్ రూంలోకి వస్తుంటే మీ మీ ఇళ్ల మాటలు ఆపేయకండి కూడా.

సోమవారం గురించైతే, ఆదివారం సాయంత్రం ఒక ఫోన్ చేయండి. ‘ఎన్నింటికి వస్తారు? నేను గేటు దగ్గర ఉంటాను’ అనండి చాలు. ఒంటరిగా ఆ హాలులో అందరి చూపుల మధ్య నుంచి సీటు దాకా నడవడం చాలా కష్టం. మాసికాలు పెట్టే ఇల్లయితే ఏడాది పాటు నెలకో పూట ఆమెకి సెలవు అవసరమవుతుంది. ఆ తేదీలు ముందే అడిగి రాసుకోండి, ప్రతి నెలా ఆమె వచ్చి అడుక్కోనక్కర్లేకుండా.

ఇంకొకటి. ఆయన గురించి మాట్లాడటానికి భయపడకండి. ఆ మొదటి రోజు ప్రశ్నలు అయ్యాక, మా బ్రాంచిలో జూన్ దాకా ఒక్కరు కూడా నా ముందు ఆయన పేరెత్తలేదు. తొలకరి పడ్డ రోజు సాయంత్రం నేను మెట్ల మీద ఆగిపోయి నిలబడితే, మా అటెండరు బాబాయ్ పక్కకొచ్చి, ‘వాన పడితే సారు బండి గేటు దగ్గర పెట్టి, గొడుగేసుకుని లోపలిదాకా వచ్చేవారు కదమ్మా’ అన్నాడు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. బాబాయ్ ఇంకేం అనకుండా వాన తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు.