‘దీనివల్ల’ అంటే దేనివల్ల?

ప్రశ్న: మాది ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె. సాగునీటి సంఘం తీర్మానాలూ అర్జీలూ తెలుగులో నేనే రాస్తాను. చదివినవాళ్లు “ఇక్కడ ‘దీనివల్ల’ అంటే దేనివల్ల?” అని అడుగుతున్నారు. రాసేటప్పుడు నాకు స్పష్టంగానే అనిపిస్తుంది. ఎలా సరిచేసుకోవాలి?

జవాబు: పర్లాఖిముండి వైపు మా సంఘంలోనూ కాగితాలు ముందు తెలుగులో రాసుకుని, ఒడియా బాగా వచ్చినవాళ్ల చేత మార్పించి పంపుతాం. మార్చేవాళ్లు ‘ఇది’ని ‘ఇది’గానే దించేస్తారు. ఆఫీసులో చదివే మనిషికి సందేహం వస్తే అడగడానికి రాసినవాళ్లు ఎదురుగా ఉండరు. అలా వెళ్లిన ఒక అర్జీలో ఈ భాగం చూడండి:

“తూము షట్టరు పాడైంది. ఇంజినీరు గారు వచ్చి చూసి, కొత్తది బిగించాలంటే పది రోజులు కాలువకు నీళ్లు ఆపాలన్నారు. దీనివల్ల కింది పొలాల రైతులు ఒప్పుకోలేదు. ఇది వెంటనే పరిష్కరించాలని కోరుతున్నాం.”

‘దీనివల్ల’ అంటే షట్టరు పాడైనందువల్లా, నీళ్లు ఆపాలన్నందువల్లా? ‘ఇది’ అంటే షట్టరా, రైతుల అభ్యంతరమా? ఆఫీసువాళ్లు రైతుల తగువని అర్థం చేసుకుని, రాజీ చేయడానికి మనిషిని పంపారు. షట్టరు మాట ఎవరూ ఎత్తలేదు.

రాసేవాళ్ల మనసులో జరిగినదంతా ఒకే ముద్దగా ఉంటుంది కాబట్టి ‘ఇది’ అనగానే వాళ్లకు సరిపోతుంది. చదివేవాళ్ల దగ్గర వాక్యాలు తప్ప ఇంకేమీ లేవు. పైగా తెలుగులో ‘అతను’ అంటే మగమనిషి అనైనా తెలుస్తుంది గానీ, ‘ఇది’ వస్తువుకీ సరిపోతుంది, పనికీ సరిపోతుంది, ముందున్న మూడు వాక్యాల సంగతి మొత్తానికీ సరిపోతుంది. వెతికే చోటును అది ఏమాత్రం తగ్గించదు.

రాయడం అయ్యాక ‘ఇది, అది, దీని, దాని, అందువల్ల’ ఉన్న ప్రతిచోటా గీత పెట్టండి. ఒక్కొక్కదాన్నీ ‘ఏది?’ అని అడగండి. జవాబు పైన కాగితం మీదే, ఒక్కటే దొరికితే వదిలేయండి. రెండు దొరికినా, మీ మనసులో తప్ప కాగితం మీద లేకపోయినా ఆ వాక్యాన్ని మార్చాలి.

ఒక మార్గం, ‘ఈ’ పక్కన పేరు పెట్టడం. ‘దీనివల్ల’ తీసి ‘ఈ షరతుకు’ అంటే చాలు, అది నీళ్లు ఆపాలన్న మాటేనని తెలిసిపోతుంది. ఎక్కువమంది ఇక్కడ ‘ఈ విషయం’, ‘ఈ సమస్య’ అని రాసి బాగుచేశామనుకుంటారు. ‘విషయం’ కూడా ‘ఇది’ లాగే దేనికైనా అతుకుతుంది, కాబట్టి సందేహం అలాగే ఉంటుంది. ఆ పేరు దగ్గర ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ‘ఈ జాప్యం’ అంటే ఆలస్యమైందని చెప్పినట్టు, ‘ఈ నిర్లక్ష్యం’ అంటే అధికారి మీద నేరం మోపినట్టు. సంఘం అంత మాట అనదలుచుకుందో లేదో చూసుకునే పేరు పెట్టాలి.

నాకు ఇంకా నచ్చేది ‘దీని’ని పూర్తిగా తీసేసి, జరిగిన పనినే ఆ చోట పెట్టడం: “పది రోజులు నీళ్లు ఆపడానికి కింది రైతులు ఒప్పుకోలేదు.” ఇక వెతకాల్సిన పనే లేదు. అయితే ‘ఆపడం వల్ల పంట ఎండిపోవడం జరగడంతో’ అని ఒకే వాక్యంలో వరసగా పేరిస్తే ఊపిరాడదు. అలాంటప్పుడు రెండు వాక్యాలు చేసుకోవాలి.

పై అర్జీ నేనైతే ఇలా రాస్తాను:

“తూము షట్టరు పాడైంది. కొత్త షట్టరు బిగించాలంటే పది రోజులు కాలువకు నీళ్లు ఆపాలని ఇంజినీరు గారు చెప్పారు. పంట పొలంలో ఉండగా నీళ్లు ఆపడానికి కింది రైతులు ఒప్పుకోలేదు. కోతలు కాగానే కొత్త షట్టరు బిగించాలని కోరుతున్నాం.”

‘ఇది పరిష్కరించాలి’ తీసేసి ఆ చోట ఏం కావాలో రాయాల్సి వచ్చేసరికి, ఎప్పుడు కావాలో కూడా సంఘం తేల్చుకోవాల్సి వచ్చింది. షట్టరు అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చిందని బెంగపడకండి. ఒకే మాట తిప్పి రాయకూడదని బడిలో చెప్పింది వ్యాసాలకు. అర్జీలో అదే మాట మళ్లీ రావడమే మంచిది.

తీర్మానాల్లో ‘వారు’ను కూడా పట్టి చూడండి. “ఇంజినీరు గారు రైతులతో మాట్లాడారు. వారు ఒప్పుకోలేదు.” మనం ఒక్కరిని గౌరవించినా ‘వారు’ అంటాం, పదిమందినీ ‘వారు’ అంటాం. ఇక్కడ ఒప్పుకోనిది ఇంజినీరు గారని చదివినా తప్పు పట్టలేం. ‘రైతులు ఒప్పుకోలేదు’ అని రాసేయండి.

అలాగని కనిపించిన ప్రతి ‘దాన్ని’ తీసేయకండి. “షట్టరు తుప్పు పట్టింది. దాన్ని మార్చాలి” అన్నచోట పైన ఉన్నది ఒక్క షట్టరే. ఆ వాక్యం అలాగే బాగుంది.