రాజీనామా లేఖలో చివరి పనిదినం ఏ తేదీ వేయాలి?

ప్రశ్న: సార్, మాది మార్కాపురం దగ్గర పల్లె. బీఎస్సీ నర్సింగ్ చేసి 2024 ఆగస్టు 12 నుంచి బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. ఎమ్మెస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఈ ఆగస్టు 17న కాలేజీలో రిపోర్ట్ చేయాలి. చేరేటప్పుడు రెండేళ్ల బాండు, మధ్యలో మానేస్తే లక్ష రూపాయలు అని సంతకం చేయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. నోటీసు 60 రోజులు. మా ఇన్‌చార్జ్ సిస్టర్ నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్నారు. ఆవిడకు మే నెలలోనే చెప్పాను, సరేనన్నారు. ఇప్పుడేమో హెచ్ఆర్ వాళ్లు లక్ష కట్టమంటున్నారు. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. జూన్ జీతం పడ్డాక ఊరెళ్లి, అమ్మకు బాగాలేదని మెడికల్ సర్టిఫికెట్‌తో మెయిల్ పెట్టేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఎవరూ బాధపడకుండా, కృతజ్ఞతగా రాజీనామా లేఖ ఎలా రాయాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు మీ బాండు కాగితం తీసి ఒక్క వాక్యం వెతకండి. ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్క? ఉద్యోగంలో చేరిన రోజు నుంచా, శిక్షణ పూర్తయిన రోజు నుంచా, ఉద్యోగం ఖాయం చేసిన రోజు నుంచా? మీ లక్ష రూపాయల సంగతి ఆ వాక్యం మీదే తేలుతుంది. ఇన్‌చార్జ్ సిస్టర్ మంచితనమూ, నాన్నగారి అప్పూ దాన్ని మార్చలేవు. బాండు కాపీ మీ దగ్గర ఉందో లేదో ఇంత పెద్ద ఉత్తరంలో మీరు రాయనే లేదు. లేకపోతే ఈరోజే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి కాపీ అడగండి. సంతకం పెట్టిన కాగితం నకలు లేకుండా దాదాపు రెండేళ్లు ఎలా ఉన్నారో నాకు అర్థం కాలేదు.

చేరిన రోజు నుంచి అని ఉంటే మీ బాండు ఈ ఏడాది ఆగస్టు 11తో తీరిపోతుంది. కాలేజీలో చేరడానికి మధ్యలో ఇంకా ఐదు రోజులు మిగులుతాయి. అంటే మీరు బాండు తెంచుకుని వెళ్లడం లేదు, పూర్తి చేసి వెళ్తున్నారు. అప్పుడు లక్ష అడగడానికి ఆధారమే ఉండదు. కాకపోతే 60 రోజుల నోటీసు కూడా ఆ తేదీలోపే పూర్తవాలి. జూన్ 12న లేఖ అందితే, మర్నాటి నుంచి లెక్కపెడితే సరిగ్గా ఆగస్టు 11కి 60 రోజులు. జూన్ జీతం కోసం ఆగితే ఈ లెక్క మొత్తం తప్పుతుంది, తర్వాత మిగిలేది నోటీసు జీతం కట్టుకోవడమే. చివరి రోజు దాకా ఆగకుండా జూన్ 8, సోమవారమే ఇచ్చేయండి.

మే నెలలో సిస్టర్‌కు నోటితో చెప్పినది నోటీసు కాదు. ఆవిడ సరే అన్నది మర్యాదకు. రేపు హెచ్ఆర్ అడిగితే ఆవిడ తన ఉద్యోగం చూసుకుంటారు, అందులో తప్పూ లేదు. రాతపూర్వకంగా, ఫలానా తేదీన ఆసుపత్రికి అందినట్టు రుజువున్న లేఖనే నోటీసుగా లెక్కేస్తారు.

ఇక లేఖ. దాదాపు అందరూ "60 రోజుల నోటీసు తర్వాత నన్ను రిలీవ్ చేయండి" అని రాస్తారు. మీ విషయంలో ఆ వాక్యం నష్టం చేస్తుంది. జూన్ 8న ఇచ్చిన లేఖకు 60 రోజులు ఆగస్టు 7తో అయిపోతాయి. ఆ రోజే రిలీవ్ చేసి, బాండుకు నాలుగు రోజులు తక్కువయ్యాయి కాబట్టి లక్ష కట్టమనే వీలు వాళ్ల చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది. అందుకని రోజుల లెక్క వద్దు, తేదీ వేయండి. లేఖ ఇంతకు మించి అక్కర్లేదు, దీన్నే ఇంగ్లీషులో రాసుకోండి:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి, నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ద్వారా. విషయం: స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా. నేను 2024 ఆగస్టు 12 నుంచి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉన్నత చదువు కోసం ఈ లేఖ ద్వారా నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా చివరి పనిదినం 2026 ఆగస్టు 11. ఆ రోజు వరకు డ్యూటీ చేసి, బాధ్యతలన్నీ అప్పగిస్తాను. ఇక్కడ నాకు దొరికిన అనుభవానికి, సీనియర్ సిస్టర్ల మార్గదర్శనానికి కృతజ్ఞురాలిని. చివరి పనిదినాన రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పించగలరు."

కింద పేరు, ఉద్యోగి నంబరు, సంతకం, తేదీ. అంతే. కృతజ్ఞత ఒక్క వాక్యం చాలు. "మీ ఆసుపత్రి నాకు అన్నం పెట్టింది, మీరు ఇచ్చిన శిక్షణ వల్లే ఈ స్థాయికి వచ్చాను" అని పొంగిపోయి రాస్తే, రేపు "మా ఖర్చుతో శిక్షణ ఇచ్చామని తనే ఒప్పుకుంది" అని వాళ్ల వకీలు అదే కాగితం చూపిస్తాడు. మీ మనసులో ఉన్నది సిస్టర్‌కు విడిగా, చేత్తో కార్డు రాసి ఇవ్వండి. లేఖలో "దయచేసి అనుమతించండి" అని ప్రాధేయపడొద్దు. చేస్తున్నది రాజీనామా, పెట్టుకుంటున్నది సెలవు చీటీ కాదు. బాండు మాట అసలు ఎత్తొద్దు. "కట్టవలసినది ఏదైనా ఉంటే కడతాను" అన్న మంచిమాట కూడా వద్దు. అది బాకీ ఒప్పుకోవడం కిందికి పోతుంది.

ఇప్పుడు మీ ఫ్రెండ్స్ సలహా. ఆ పని చేయకండి. అబద్ధపు మెడికల్ సర్టిఫికెట్ అని తెలిసి తెలిసి దాన్ని నిజమైనదిగా చూపించడం నేరం, ఇచ్చిన డాక్టరుకూ కేసే. అది పక్కన పెట్టినా, చెప్పకుండా డ్యూటీకి రావడం మానేసిన నర్సును ఆసుపత్రులు రికార్డులో పరారీ అని రాసుకుంటాయి. అప్పుడు రిలీవింగ్ లెటర్ రాదు, అనుభవ ధ్రువపత్రం రాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్‌కు కనీసం ఏడాది పని అనుభవం ఉండాలి. ఆ అనుభవానికి కాగితం ఇవ్వాల్సింది ఈ ఆసుపత్రే. ఒరిజినల్సూ వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. నాన్నగారు అప్పు చేసి ఫీజు కట్టిన సీటుకే మీరు ఎసరు పెట్టుకుంటారు. పైగా ఐసీయూలో పేషెంట్లను అప్పగించకుండా వెళ్లిపోయిందని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాస్తే, మీ రిజిస్ట్రేషన్ మీద సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి వస్తుంది.

బాండు శిక్షణ పూర్తయ్యాక మొదలవుతుందని ఉంటే సంగతి వేరు. ఉదాహరణకు మొదటి మూడు నెలలు శిక్షణ అని రాసి ఉంటే రెండేళ్లు నవంబరు 11 దాకా సాగుతాయి, మీకు మూడు నెలలు తక్కువ పడతాయి. "బాండ్లు కోర్టులో నిలబడవు" అని ఎవరో చెప్పింది నమ్మి ధీమాగా ఉండొద్దు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, అక్కడ నియామకానికి పెద్ద తతంగం ఉంటుంది. మీ ఆసుపత్రి పరిస్థితి అదే అనుకోనక్కర్లేదు, కానీ బాండు అన్నంత మాత్రాన రద్దయిపోదని గుర్తుంచుకోండి.

అలాగని రాసుకున్న లక్షా ఆటోమేటిగ్గా వాళ్లదైపోదు. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపల సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. మీ కోసం ప్రత్యేకంగా ఏ శిక్షణకు, ఎంత ఖర్చు పెట్టారో చూపించమని అడగండి. వార్డులో సీనియర్ పక్కన నిలబెట్టి నేర్పినదాన్ని శిక్షణ ఖర్చుగా చూపించడం వాళ్లకు తేలిక కాదు. 24 నెలల్లో 21 చేశారు కాబట్టి, తక్కువ పడిన 3 నెలలకు వంతు లెక్కేస్తే లక్షలో 12,500 వస్తుంది. చట్టంలో ఇలాంటి సూత్రమేమీ లేదు, బేరానికి కూర్చునేటప్పుడు మీ వైపు నుంచి చెప్పదగిన లెక్క ఇది. ఆ బేరం రాజీనామా లేఖలో కాదు, "నా హక్కులకు భంగం లేకుండా" అన్న మాటతో మొదలయ్యే వేరే ఉత్తరంలో చేయండి. బాండు పేరు చెప్పి మిమ్మల్ని బలవంతంగా డ్యూటీలో ఉంచడం మాత్రం ఎవరి వల్లా కాదు. వ్యక్తిగత సేవ ఒప్పందాన్ని కోర్టు అమలు చేయించదు. వాళ్లకు దక్కితే డబ్బే దక్కుతుంది.

సర్టిఫికెట్ల మీద వాళ్లకు ఏ హక్కూ లేదు. చదువు సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావని, బాకీ పేరుతో అట్టిపెట్టుకోకూడదని మద్రాసు హైకోర్టు కాలేజీల కేసుల్లో చెప్పింది. ఆ తర్కం మీకూ పనికొస్తుంది. తీసుకున్నప్పుడు రసీదు ఇచ్చారా? లేకపోతే మీ పాత మెయిళ్లు, వాట్సాప్‌లు వెతికి, అవి వాళ్ల దగ్గర ఉన్నట్టు తెలిపే ఒక్క ముక్కైనా భద్రపరచుకోండి. ముందు రాతపూర్వకంగా అడగాలి, కాదంటే లాయర్ నోటీసు, అప్పటికీ ఇవ్వకపోతే సివిల్ కోర్టు. దాచమని ఇచ్చిన వస్తువు తిరిగి రాబట్టుకోవడానికి గడువు, అడిగినా ఇవ్వనన్న తేదీ నుంచి 3 ఏళ్లు. మీకు అంత తీరిక లేదు కాబట్టి రాజీనామా లేఖతో పాటే అడుగుతున్నాం. జులై మొదటి వారానికి జవాబు రాకపోతే లాయర్ నోటీసు పంపించండి, ఆగస్టు దాకా ఆగొద్దు.

లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆసుపత్రి ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం వేయించుకోండి. అదే రోజు హెచ్ఆర్ అధికారిక మెయిల్‌కు స్కాన్ పంపి, మీ సొంత మెయిల్‌కూ కాపీ పెట్టుకోండి, ఎందుకంటే చివరి రోజు తర్వాత ఆసుపత్రి మెయిల్ తెరుచుకోదు. ముద్ర వేయనంటే గొడవపడొద్దు, స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచుకోండి. నోటీసు కాలంలో సెలవు పెట్టకండి. సెలవు రోజులను నోటీసులో లెక్కించని ఆసుపత్రులున్నాయి, మీ నియామక పత్రంలో ఏముందో చూడండి. చివరి రోజు ఐడీ కార్డు, డ్రగ్ కప్‌బోర్డు తాళం, హాస్టల్ గది అప్పగించినట్టు నో డ్యూస్ ఫారం మీద సంతకాలు తీసుకుని ఫోటో తీసుకోండి. రావాల్సిన జీతం విషయంలో, 2025 నవంబరు 21 నుంచి అమలైన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన వారికి రెండు పనిదినాల్లో చెల్లించాలి. "సెటిల్‌మెంట్‌కు నెలన్నర పడుతుంది" అంటే ఆ మాట రాసివ్వమనండి.

ఒప్పందం తప్పారని ఆసుపత్రి దావా వేయడానికి కూడా గడువు 3 ఏళ్లే, తప్పిన రోజు నుంచి. మీ ఎమ్మెస్సీ రెండేళ్లు. కోర్సు అయిపోయి కొత్త ఉద్యోగంలో చేరాక కూడా నోటీసు రావచ్చు. అందుకే ముద్ర పడిన ఆ రాజీనామా కాపీని 2029 ఆగస్టు దాటేదాకా పారేయకండి.