తమ్ముడి ‘వచ్చే నెల’ ఎప్పుడొస్తుంది?

మా తమ్ముడికి వ్యాపారం కోసం నా పది నెలల జీతమంత సొమ్ము అప్పుగా ఇచ్చాను. ఆరు నెలల్లో తీరుస్తానన్నాడు, రెండేళ్లు దాటింది. అడిగితే ‘వచ్చే నెల మొత్తం ఇచ్చేస్తాను’ అంటాడు. కాగితం రాసుకోలేదు. ఈమధ్య నా ఫోను ఎత్తడం లేదు. మావారు రోజూ అడుగుతున్నారు. గట్టిగా అడిగితే తమ్ముడు దూరమవుతాడని భయం. ఏం చేయాలి?

‘మొత్తం’ అన్న మాట దగ్గరే మీ ఇద్దరూ చిక్కుకుపోయారు. అంత సొమ్ము ఒక్కసారిగా అతని చేతికి రాదు. కొంచెం ఇస్తే చిన్నతనమనుకుని అసలు ఇవ్వడమే మానేశాడు. ఫోను ఎత్తకపోవడం చాలాసార్లు మోసం కాదు, మొహం చెల్లకపోవడం. అలాగని ఊరుకోమని అనను.

ఈసారి ‘ఎప్పుడిస్తావు’ అని అడగకండి. ‘చేతిలో డబ్బు ఆడని నెలలో కూడా ఎంత ఇవ్వగలవు’ అని అడగండి. మీ జీతంలో పావువంతు అన్నాడనుకోండి, 40 నెలలు పడుతుంది. వినగానే నీరసం వస్తుంది, కానీ రెండేళ్లుగా మీకు వచ్చింది సున్నా. జీతంలో సగం ఇస్తానని ఆవేశపడితే వద్దనండి. రెండు నెలలిచ్చి మళ్ళీ మాయమవుతాడు.

ముందు ఇలా సందేశం పంపండి: ‘డబ్బు గురించి ఆదివారం అరగంట మాట్లాడుకుందాం. నిన్ను నిలదీయడానికి కాదు. నెలకు ఎంత వీలవుతుందో లెక్క చూసుకుని రా.’ అమ్మచేత మాత్రం చెప్పించకండి. ఆమె మధ్యలోకి వస్తే లెక్క పక్కకుపోయి, ఎవరు ఎవరిని ఎక్కువ ప్రేమించారన్న పాత తగాదా లేస్తుంది.

మాట కుదిరాక ఇచ్చిన మొత్తం, ఇంకా రావలసింది, నెల వాయిదా, తేదీ రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. తమ్ముడి దగ్గర కాగితమేమిటని మొహమాటపడకండి. అప్పు వసూలుకు దావా వేసే హక్కుకు చాలా దేశాల్లో కాలపరిమితి ఉంటుంది. గడువు దాటకముందే అప్పును ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత చెల్లించినా చాలాచోట్ల ఆ గడువు కొత్తగా మొదలవుతుంది. రెండేళ్లు గడిచాయి కాబట్టి, మీ దగ్గర గడువు ఎంతో ఒక న్యాయవాదిని ఇప్పుడే అడిగి ఉంచుకోండి. సొమ్ము బ్యాంకు ద్వారా పంపి ఉంటే ఆ వివరాలు తీసి పెట్టుకోండి.

తర్వాత మూడు వాయిదాలు గమనించండి. ఒకటి తప్పినా, తేదీకి ముందే తానుగా ఫోను చేసి చెబితే అతనికి లేక ఇవ్వడం లేదు. తేదీ దాటాక మీరు అడిగితే తప్ప పలకకపోతే, కాగితానికి కూడా ఒప్పుకోకపోతే, ఇచ్చే ఉద్దేశం లేదు. అప్పుడు న్యాయవాది చేత నోటీసు ఇప్పించాలా, ఆ సొమ్ము పోయిందనుకుని వదిలేయాలా అన్నది మీ దంపతులు కలిసి తేల్చుకోండి. ఏదైనా సరే, ఇకపై అతనికి కొత్తగా చేబదులు ఇవ్వకండి.

మీవారి సంగతి. ఆయన అడిగేది డబ్బు గురించే కాకపోవచ్చు. ఇచ్చేముందు ఆయనను అడిగారా? ఆ మాట మీ ఉత్తరంలో లేదు. అడగకపోయి ఉంటే, తమ్ముడితో మాట్లాడటానికి ముందే ఆయనకు క్షమాపణ చెప్పండి.