చెరువు గట్టు మీద వద్దన్నారు, ల్యాబ్‌లో అడగొచ్చా?

"మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగానికి రెండు రౌండ్లు వెళ్లాక, 'ఈ పోస్టుకు మీరు సరిపోరు' అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. వారం తిరక్కుండానే అదే కంపెనీ ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ ల్యాబ్‌కి మనుషులు కావాలని ప్రకటన చూశాను. మళ్లీ వెళ్తే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. అడగొచ్చా మేడమ్?"

అడగండి. కానీ మెయిల్ పెట్టే ముందు ఒక పూట కూర్చుని, ఆ రెండు రౌండ్లలో మాట ఎక్కడ తెగిందో గుర్తు చేసుకోండి.

ఫీల్డ్ టెక్నీషియన్ పని సగం సైన్సు, సగం మాట. పొద్దున్నే బండేసుకుని గట్ల వెంట తిరగాలి. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందో లేదో చూడాలి. పంట పోయి కోపం మీదున్న రైతుకి సర్దిచెప్పి, మళ్లీ మీ మేతే కొనేలా చేయాలి. "రోజుకి ఎన్ని ఊళ్లు తిరగగలరు", "బాకీ రైతుతో ఎలా మాట్లాడతారు" అన్న దగ్గర మీరు తడబడి ఉంటే, ఆ లోటు ల్యాబ్ దాకా రాదు. అలా కాకుండా ప్లేట్ మీద కాలనీలు లెక్కపెట్టి గ్రాముకి ఎంతో చెప్పమన్నప్పుడు ఆగిపోయి ఉంటే, అదే ప్రశ్న ల్యాబ్‌లో మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది. ముందు అది సరిచేసుకోండి. రెజ్యూమెలో రాసింది అబద్ధమని తేలడం వల్ల వద్దని ఉంటే మాత్రం, పోస్టు మార్చినా ఉపయోగం ఉండదు.

ఇక మెయిల్. కొత్తగా మొదలుపెట్టకండి. వాళ్లు పంపిన మెయిల్‌కే జవాబు రాయండి, మీరెవరో వెతుక్కునే పని హెచ్ఆర్‌కి తప్పుతుంది. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి విషయం మాత్రం చెప్తాను:

"నిర్ణయం తెలియజేసినందుకు ధన్యవాదాలు. మీ ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ ల్యాబ్ ఖాళీ ప్రకటన చూసి, అందులో చెప్పినట్టే దరఖాస్తు చేశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో చేపల మార్కెట్ నమూనాలకి టోటల్ ప్లేట్ కౌంట్, సాల్మొనెల్లా పరీక్షలు నేనే చేశాను. ఈ పోస్టుకి నన్ను పరిశీలించగలరా?"

ప్రాజెక్టు సంగతి ఉదాహరణకి రాశాను, అక్కడ మీరు నిజంగా చేసిన పరీక్షలే పెట్టండి. అంతకు మించి వద్దు. మొదటి నిర్ణయం తప్పని వాదించకండి, కారణం అడగకండి. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఇలాంటి చోటే "ఏ పోస్టయినా చేస్తాను" అని రాశాడు, జవాబు రాలేదు. హెచ్ఆర్ మీ పేరుని ప్లాంటు క్వాలిటీ మేనేజర్‌కి పంపాలంటే ఒక కారణం కావాలి. "ఏదైనా చేస్తాను" అన్న మనిషిని ఏమని చెప్పి పంపుతారు?

పాత రెజ్యూమె వాళ్ల దగ్గరే ఉంటుంది, కొత్తదాన్ని పక్కన పెట్టి చూస్తారు. అందుకే మొదటి నాలుగు లైన్లు మార్చండి గానీ తేదీలు, మార్కులు, అప్పుడు చెప్పిన జీతం తేడా రానివ్వకండి. చెరువుల గురించి రాసింది కిందికి దించి, మీ చేతులతో చేసిన పరీక్షలు పైకి తేండి. కొన్ని కంపెనీల్లో ఒకసారి వద్దన్నవాళ్లు కొన్ని నెలల దాకా మళ్లీ దరఖాస్తు చేయకూడదన్న నియమం ఉంటుంది. కొన్నిచోట్ల అది అదే పోస్టుకి మాత్రమే. అయినా హెచ్ఆర్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది.

పిలిస్తే, "మొన్న ఫీల్డ్‌కి వచ్చారు కదా, ఇప్పుడు ల్యాబ్ అంటారేం?" అని తప్పకుండా అడుగుతారు. "ఫీల్డ్ పనిలో రైతులతో బేరం ముఖ్యమని ఆ ఇంటర్వ్యూలోనే నాకు అర్థమైంది. నాకు చేతనైన పని ల్యాబ్‌లో ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. వెంటనే పనిలోకి దిగండి: పీలింగ్ టేబుళ్ల మీద, పనివాళ్ల చేతుల మీద స్వాబ్ ఎలా తీస్తారు, ఎగుమతి సరుకులో 25 గ్రాముల నమూనాకి సాల్మొనెల్లా అసలు కనపడకూడదంటే ఏమిటి, కనపడితే ఆ లాటుని ఏం చేస్తారు. ఈ మూడూ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే పాత మెయిల్ సంగతి వాళ్లే పక్కన పెడతారు.

పది రోజుల్లో కబురు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. దానికీ పలక్కపోతే అక్కడితో ఆపి, వేరే ప్లాంట్లు చూసుకోండి.

ఇంకొకటి, ఇది మెయిల్ పంపే ముందే ఇంట్లో తేల్చుకోండి. రొయ్య పట్టుబడి పట్టాక ఆగదు, లారీ ఏ వేళకి వస్తే ఆ వేళకి ల్యాబ్‌లో మనిషి ఉండాలి, కాబట్టి నైట్ షిఫ్టులుంటాయి. "ఇంట్లో అడిగి చెప్తాను" అని ఇంటర్వ్యూలో అన్నారంటే, ఈసారి సరిపోరన్నది ల్యాబ్ పోస్టుకే అవుతుంది.